పిన్‌కోడ్ కొట్టి చూశాకే లాప్‌టాప్

గ్రూపులో ఏ జూనియరైనా “ఏ లాప్‌టాప్ తీసుకోమంటారు అన్నా?” అని అడిగితే చాలు, ఐదు నిమిషాల్లో యాభై మెసేజ్‌లు వచ్చి పడతాయి. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఉందా లేదా. “మీది ఏ ఊరు?” అని మాత్రం ఎవరూ అడగరు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఆ ప్రశ్న అవసరం లేదు. పాడైతే మెట్రో ఎక్కి సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేసి సాయంత్రానికి ఇంటికొస్తారు. నర్సీపట్నం, జంగారెడ్డిగూడెం, నారాయణఖేడ్ లాంటి ఊళ్లలో ఉన్నవాళ్లకి మాత్రం మొదట అడగాల్సిన ప్రశ్న అదే. ఎందుకంటే లాప్‌టాప్ ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. అది సరిగ్గా ల్యాబ్ ఎగ్జామ్స్ ముందు పాడైతే, విడిభాగం మీ ఊరికి ఎన్ని రోజుల్లో వస్తుందన్నదే మీ సెమిస్టర్‌ని తేలుస్తుంది.

ఆ విడిభాగం దారిని కొనకముందే కనుక్కోవచ్చు. చూడాల్సినవి ముఖ్యంగా మూడు: వారంటీ ఏ రకం, దగ్గర్లోని సెంటర్‌లో నిజంగా ఏం చేస్తారు, పాడయ్యే భాగం విడిగా దొరుకుతుందా.

“ఒక సంవత్సరం వారంటీ” అంటే ఏ వారంటీ?

లాప్‌టాప్ వారంటీలో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి క్యారీ-ఇన్. అంటే మెషీన్‌ని మనమే సెంటర్‌కి మోసుకెళ్లాలి. రెండోది ఆన్‌సైట్. ముందు ఫోన్‌లో సమస్య ఏంటో అడిగి కొన్ని పరీక్షలు చేయిస్తారు, తర్వాత విడిభాగం తెప్పించి, ఇంజినీర్‌ని మన ఇంటికే పంపిస్తారు. డబ్బా మీద రెండింటికీ “1 సంవత్సరం” అనే ఉంటుంది. పైగా ఒకే బ్రాండ్‌లో ఒక మోడల్‌కి క్యారీ-ఇన్, ఇంకో మోడల్‌కి ఆన్‌సైట్ ఉండొచ్చు. అందుకే “ఆ బ్రాండ్ సర్వీస్ బాగుంటుందట” అనే మాటని నమ్ముకుని కొనేయడం సరిపోదు. మీరు కొనబోయే మోడల్‌కి ఏది రాశారో చూడాలి.

ఆన్‌సైట్ అని ఉన్నా ఇంకో మెలిక ఉంటుంది. ఇంజినీర్ అన్ని ఊళ్లకీ రాడు. సర్వీస్ పరిధిలో లేని చోట్ల ఎక్కువ రోజులు పట్టొచ్చనీ, మెషీన్‌ని సెంటర్‌కి పంపమనొచ్చనీ షరతుల్లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కాబట్టి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మోడల్ పేరు, మీ పిన్‌కోడ్ రెండూ చెప్పి, “ఈ పిన్‌కోడ్‌కి ఇంజినీర్ వస్తాడా?” అని సూటిగా అడగండి. హాస్టల్‌లో ఉండేవాళ్లు ఇంటి పిన్‌కోడ్‌తో పాటు కాలేజీ పిన్‌కోడ్ కూడా అడగాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు మెషీన్ ఉండేది అక్కడే కదా.

బోర్డు ఉన్నంత మాత్రాన సెంటర్ అయిపోదు

మ్యాప్‌లో బ్రాండ్ పేరు, పక్కన “సర్వీస్ సెంటర్” అని కొడితే బోలెడు షాపులు కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి ఆ కంపెనీతో ఏ సంబంధం ఉండదు. రిపేర్ బాగానే చేయొచ్చు గానీ, వారంటీ పని వాళ్ల చేతిలో ఉండదు. వాళ్లు విప్పితే కంపెనీ తర్వాత పేచీ పెట్టే అవకాశం కూడా ఉంది. కాబట్టి కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న లిస్టునే చూడండి.

లిస్టులో పేరు దొరికాక ఆ సెంటర్‌కి నేరుగా ఫోన్ చేయండి. మొదటి ప్రశ్న: “మీరు లాప్‌టాప్‌లు చూస్తారా?” ఒకే కంపెనీ ఫోన్లు, ప్రింటర్లు, టీవీలు కూడా అమ్ముతుంటే, మీకు దగ్గర్లో ఉన్నది వాటి సెంటర్ మాత్రమే కావచ్చు. రెండో ప్రశ్న: “మీ దగ్గరే విప్పి బాగు చేస్తారా, లేక వేరే ఊరికి పంపుతారా?” కొన్ని చోట్ల మెషీన్ తీసుకుని పెద్ద సెంటర్‌కి కొరియర్ చేయడం వరకే జరుగుతుంది. అలాంటి చోట రానూపోనూ రోజులు అదనం. మూడో ప్రశ్న: “ఈ మోడల్‌కి మదర్‌బోర్డు పోతే మామూలుగా ఎన్ని రోజులు పడుతుంది?” బ్యాటరీ గురించో కీబోర్డు గురించో అడిగితే “వచ్చేస్తుందండీ” అని తేల్చేస్తారు. మదర్‌బోర్డు అనేసరికి నిజం బయటికొస్తుంది. “ఐదారు రోజులు” అని తడుముకోకుండా చెప్పారంటే ఆ మోడల్ వాళ్ల చేతికి వస్తోందన్నమాట. “అది స్టాక్‌ని బట్టి...” అని నాన్చితే ఆలోచించాలి.

చార్జింగ్ పిన్ ఎక్కడ అతికింది?

విడిభాగాలన్నీ ఒక తీరుగా ఉండవు. స్లాట్‌లో కూర్చునే ర్యామ్, M.2 రకం ఎస్‌ఎస్‌డీ ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతాయి, ఏ కంపెనీదైనా సరిపోతుంది. బ్యాటరీ, కీబోర్డు, హింజెస్, మదర్‌బోర్డు మాత్రం ఆ మోడల్‌వే కావాలి. మీ కష్టం ఈ రెండో గుంపుతోనే.

ఈ గుంపులో ఒక్కో మోడల్‌ని ఎలా కట్టారన్నదాన్ని బట్టి రిపేర్ ఖర్చు మారిపోతుంది. చార్జింగ్ పిన్‌నే తీసుకోండి. గుండ్రటి పిన్ ఉండే చాలా లాప్‌టాప్‌లలో ఆ జాక్ ఒక చిన్న కేబుల్ చివర ఉంటుంది. పాడైతే ఆ కేబుల్ ముక్క పీకి కొత్తది పెట్టేయడమే. టైప్-సి చార్జింగ్ ఉన్నవాటిలో పోర్టుని ఎక్కువగా మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేస్తారు. అది ఊగిసలాడితే కంపెనీ సెంటర్ వాళ్లు సాధారణంగా సోల్డరింగ్ చేయరు, బోర్డు మొత్తం మారుస్తారు. ర్యామ్ కూడా బోర్డుకే సోల్డర్ అయి ఉంటే అదీ బోర్డుతో పాటే పోతుంది. వారంటీలో ఉంటే డబ్బు బాధ లేదు, ఆగడమే బాధ. వారంటీ దాటాక అదే తప్పు మీ నాన్నగారి ముందు పెద్ద బిల్లుగా వచ్చి నిలబడుతుంది.

కొనకముందే ఇది తెలుసుకోవడం కష్టమేం కాదు. హెచ్‌పీ మోడల్ అయితే పేరు పక్కన `Maintenance and Service Guide` అని, లెనోవో అయితే `Hardware Maintenance Manual` అని వెతకండి. చాలా మోడళ్లకి పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో ప్రతి భాగం బొమ్మతో పాటు విడిగా ఉంటుంది. పవర్ కనెక్టర్‌ని వేరే భాగంగా చూపించారా, కీబోర్డు ఒక్కటే వస్తుందా లేక పైకప్పుతో కలిపి మార్చాలా, ర్యామ్‌కి స్లాట్ ఉందా, ఈ మూడూ చూస్తే చాలు. అసలు అలాంటి మాన్యువలే దొరకని మోడల్ అయితే, దాని విడిభాగాల కోసం బయట వెతకడం కూడా అంత కష్టమే అనుకోవచ్చు.

బ్యాటరీ కోడ్ దొరికితే సికింద్రాబాద్ సీటీసీలోనో, మీ దగ్గరి సిటీలోనో ఒక విడిభాగాల షాపుకి ఫోన్ చేసి రేటు అడగండి. వెంటనే చెబితే ఆ భాగం మార్కెట్‌లో తిరుగుతోందని అర్థం. కొత్తగా విడుదలైన మోడల్‌కి ఇది కొన్ని నెలలు దొరక్కపోవచ్చు. ఒకే బాడీతో రెండు మూడేళ్లుగా అమ్ముతున్న మోడల్‌కి విడిభాగాలు సులువుగా దొరుకుతాయి.

ఒక లెక్క వేసి చూద్దాం

నర్సీపట్నంలో ఉంటూ దగ్గరి కాలేజీకి రోజూ వెళ్లొచ్చే అమ్మాయి అనుకోండి. ఆమె ముందు రెండు మోడళ్లు. మొదటిది 52,000, క్యారీ-ఇన్, టైప్-సి చార్జింగ్, ర్యామ్ సోల్డర్ చేసినది. రెండోది 54,500, ఆన్‌సైట్, గుండ్రటి పిన్, ర్యామ్‌కి స్లాట్. ఎనిమిదో నెలలో చార్జింగ్ ఆగిపోయింది.

మొదటిదైతే విశాఖ దాకా దాదాపు 80 కిలోమీటర్లు. ఇవ్వడానికి ఒకసారి, తెచ్చుకోడానికి ఒకసారి. బస్సు, తిండి కలిపి రోజుకి 500 అనుకుంటే వెయ్యి. తెచ్చుకున్నాక ఇంకేదో పని చేయకపోతే మూడోసారి. బోర్డు రావడానికి పది రోజులు పడితే ఆ పది రోజులూ మెషీన్ ఆమె దగ్గర ఉండదు. రెండోదైతే ఫోన్ కాల్, కొన్ని రోజుల ఎదురుచూపు, ఇంటి దగ్గరే పని. ఆ లోపు కనీసం ఎస్‌ఎస్‌డీ తీయించి ఫైళ్లు వేరే సిస్టమ్‌లోకి తెచ్చుకోవచ్చు.

బస్సు చార్జీ ఒక్కటే లెక్కపెడితే 2,500 తేడాకి మొదటిదే చవక. కానీ ఆ పది రోజుల్లో ప్రాజెక్ట్ రివ్యూ పడితే లెక్క తిరగబడుతుంది. పద్నాలుగో నెలలో అదే తప్పు వస్తే అసలు పోలికే ఉండదు. అక్కడ బోర్డు, ఇక్కడ కేబుల్ ముక్క. మొదటి మోడలే నచ్చితే, డబ్బు కట్టి దాన్ని ఆన్‌సైట్‌కి మార్చుకునే ప్యాక్ ఉందా అని కొనేటప్పుడే అడగాలి. ఇంకో మాట. హింజ్ విరిగితే చాలాసార్లు “ఫిజికల్ డ్యామేజ్” అంటారు. అప్పుడు ఆన్‌సైట్ ఉన్నా లాభం లేదు. కింద పడితే, నీళ్లు పడితే ఆదుకునే ప్లాన్ వేరేగా ఉంటుంది.

బిల్లు చేతికొచ్చిన రోజు

షాపులోనే డబ్బా మీది సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొట్టండి. వారంటీ రకం, ముగిసే తేదీ కనిపిస్తాయి. స్టాక్ పాతదైతే వారంటీ మీరు కొనకముందే మొదలైనట్టు చూపించొచ్చు. బిల్లు పంపితే కంపెనీ తేదీ సరిచేస్తుంది. ఆ పని మొదటి వారంలోనే చేయించుకోవాలి. ఇంటికొచ్చాక పవర్‌షెల్‌లో ఇది కొట్టండి:

```
Get-CimInstance Win32_BIOS | Select-Object SerialNumber
```

ఇక్కడ వచ్చే నంబర్, డబ్బా మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటే కావాలి. మదర్‌బోర్డు మార్చిన ప్రతిసారీ ఇంజినీర్ వెళ్లకముందే ఇది మళ్లీ చూడండి. కొత్త బోర్డులో పాత సీరియల్ రాయడం మర్చిపోతే తర్వాతి కంప్లయింట్‌కి చిక్కొస్తుంది.

సెంటర్‌కి మెషీన్ ఇస్తే జాబ్ షీట్ లేకుండా రాకండి. అందులో తేదీ, సమస్య, ఇచ్చేటప్పుడు మెషీన్ ఎలా ఉందో రాయించండి. రోజులు గడిచినా విడిభాగం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా మీరు అక్కడిదాకా వెళ్లక్కర్లేదు. 5 లక్షల లోపు వస్తువుకి కమిషన్ ఫీజు లేదు. కావాల్సింది కాగితాలే: బిల్లు, జాబ్ షీట్, పంపిన మెయిల్స్. అందుకే బిల్లుని ఆ రోజే ఫోటో తీసి, ఆ లాప్‌టాప్‌లో కాకుండా వేరే చోట దాచుకోండి.