వంపు ఏ గదిలో ఉంది?

కంప్యూటర్‌లో నున్నటి వంపు గీసే బి-స్ప్లైన్‌కు ముడి బిందువులు 0,0,0,1,2,3,3,3. డిగ్రీ 2 అనుకుందాం. 1.5 దగ్గర విలువలు కావాలి. ముందు గది వెతకాలి: వరుసను సగానికి సగం తగ్గిస్తూ పోతే 1, 2 మధ్య గది దొరుకుతుంది. దానికి 1 ఇచ్చి, కాక్స్, డి బోర్‌ల సూత్రంతో ఒక్కో డిగ్రీ పైకెక్కాలి. ఆ 1 మొదట 0.5, 0.5గా, తర్వాత 0.125, 0.75, 0.125గా పంచుకుంటుంది. మొత్తం 1.

ఈ మొత్తాన్ని మాత్రం నమ్మకండి. పొరపాటున 2, 3 మధ్య గది తీసుకున్నా 1.125, -0.375, 0.25 వచ్చి మొత్తం 1 అవుతుంది. తప్పును పట్టిచ్చేది ఆ మైనస్ గుర్తే.

చివరి బిందువు 3 మరో చిక్కు. ప్రతి గదీ తన కుడి అంచును పక్క గదికి వదిలేస్తుంది. 3కి పక్క గది లేదు. అందుకే దాన్ని చివరి గదిలోనే కలుపుకోవాలి.