వార్తల్లో పదం: స్టేజ్డ్ రోలౌట్

యాప్ అప్‌డేట్‌ను అందరికీ ఒకేసారి కాకుండా, కొద్ది శాతంతో మొదలుపెట్టి విడతలవారీగా ఇవ్వడమే స్టేజ్డ్ రోలౌట్.

గూగుల్ ప్లేలో దీనికి ముందు టెస్టింగ్ వడపోతలు ఉంటాయి. ఇంటర్నల్ టెస్టింగ్‌లో గరిష్ఠంగా 100 మందికి నిమిషాల్లోనే కొత్త బిల్డ్ చేరుతుంది. క్లోజ్డ్ టెస్టింగ్‌లో డెవలపర్ ఎంపిక చేసిన ఈమెయిల్ జాబితాలోని వారు వాడి చూస్తారు.

అయినా కొన్ని లోపాలు దొరకవు. ఉదాహరణకు, 10 లక్షల మంది వాడే ఓ ఖాతాపుస్తకం యాప్ తన డేటాబేస్ అమరికను మార్చిందనుకుందాం. టెస్టర్లు యాప్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడంతో అంతా సవ్యంగా కనిపించింది. ఏళ్ల నాటి లెక్కలున్న ఫోన్లలో మాత్రం తెరవగానే మూతపడుతోంది. మొదటి విడత 5 శాతమే కాబట్టి, ఈ అప్‌డేట్ 50 వేల మంది పరిధిని దాటదు. ప్లే కన్సోల్‌లో కొత్త వెర్షన్ క్రాష్ రేటును పాతదానితో పోల్చితే తేడా బయటపడుతుంది.

అప్పుడు రోలౌట్‌ను నిలిపివేయాలి. అయితే, అప్పటికే అప్‌డేట్ అయిన ఫోన్లు పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లవు. వెర్షన్ కోడ్ 42లో లోపముంటే, పాత 41నే మళ్లీ ఇవ్వడం కుదరదు. సరిచేసిన బిల్డ్‌ను 43గా పంపాలి. దాన్నీ చిన్న శాతంతోనే మొదలుపెట్టాలి.

యాప్ తొలి విడుదలకు ఈ సౌకర్యం లేదు, అప్‌డేట్లకే వర్తిస్తుంది. ఆపిల్ యాప్ స్టోర్‌లోని ఫేజ్డ్ రిలీజ్ 7 రోజుల్లో 1 శాతం నుంచి 100 శాతానికి చేరుతుంది.