మిరపాకు ఎటు ముడిచింది?

పల్నాడులో ఎకరన్నర మిరప వేసిన రైతు వ్యవసాయాధికారికి ఇలా రాశాడనుకుందాం: “అయ్యా, మూడు ఫొటోలు పంపుతున్నాను. మొదటిదాంట్లో చిగురాకులు అంచుల దగ్గర కిందికి ముడిచి, తిరగేసిన పడవలా ఉన్నాయి. రెండోది ఆకు అడుగు భాగం. మూడోది మొత్తం మొక్క. ఆకు కాడలు సాగాయి. తామర పురుగు మందు కొట్టాను, తగ్గలేదు. ఇదేం తెగులండీ?”

ఈ ఉత్తరంలో సగం జవాబు ఉంది. ఆకులు పైకి ముడిస్తే తామర పురుగు రసం పీల్చిందని అనుమానించాలి. కిందికి ముడిచి, కాడ సాగితే అది తెల్లనల్లి పని. దీన్నే రైతులు కింది ముడత అంటారు. నల్లి పురుగు జాతి కాదు, సాలీడుకు చుట్టం. అందుకే చాలా పురుగుమందులు దానిపై పనిచేయవు; సింథటిక్ పైరిథ్రాయిడ్లు కొడితే ఉధృతి పెరుగుతుంది కూడా. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేయాలి.

అయితే ఫొటోలో నల్లి కనిపించదు. లేత ఆకు అడుగున భూతద్దంతో చూడాలి. చిగురును తెల్లకాగితంపై తడితే సన్నటి పురుగులు పరుగెత్తితే తామర పురుగూ ఉన్నట్టే. ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారితే తెల్లదోమ తెచ్చిన వైరస్ కావచ్చు. దానికి మందు లేదు, మొక్కను పీకేయాల్సిందే.