అమెరికా డిగ్రీ చదువులో ఆర్థిక సాయం ఆగకుండా కాపాడే లెక్క

అమెరికాలో డిగ్రీ చదివే విద్యార్థికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు, విద్యారుణం, వర్క్-స్టడీ ఉద్యోగం మొదటి ఏడాది వచ్చాయంటే చివరిదాకా వస్తాయని అర్థం కాదు. ప్రతి సంవత్సరం ఫాఫ్సా దరఖాస్తు మళ్లీ పెట్టుకోవాలి. దానితోపాటు చదువు డిగ్రీ దిశగా తగినంత వేగంతో సాగుతున్నట్టు మార్కుల జాబితా చూపాలి. ఈ రెండో షరతునే శాటిస్ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్ అంటారు. కాలేజీల ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుల్లో దీన్ని క్లుప్తంగా ఎస్‌ఏపీ అని పిలుస్తారు.

ఫెడరల్ సాయం అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, మరికొన్ని అర్హత గల వర్గాలకు మాత్రమే అందుతుంది. భారతదేశం నుంచి ఎఫ్-1 వీసాపై వెళ్లిన విద్యార్థులకు, హెచ్-4 వీసాపై తల్లిదండ్రులతో ఉంటున్న పిల్లలకు అది రాదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న పిల్లలకు ఈ నిబంధనలు నేరుగా వర్తిస్తాయి. కనీస నియమాలను ఫెడరల్ నిబంధన నిర్దేశిస్తుంది. వాటికి లోబడి ప్రతి కాలేజీ తన సొంత విధానాన్ని రాసుకుని విద్యార్థులకు అందుబాటులో ఉంచుతుంది. అందుకే చిన్న చిన్న వివరాలు కాలేజీని బట్టి మారుతుంటాయి.

మూడు కొలతలు

కాలేజీ చూసేది మూడు విషయాలు: మార్కుల సగటు, క్రెడిట్లు పూర్తి చేసే వేగం, డిగ్రీకి పట్టే గరిష్ఠ కాలం. వీటిలో సగటు అందరికీ తెలిసిందే. రెండేళ్లకు మించిన కోర్సులో రెండో విద్యాసంవత్సరం ముగిసేసరికి విద్యార్థి సగటు కనీసం ‘సి’ గ్రేడుకు సమానంగా ఉండాలి, లేదా ఆ కాలేజీ పట్టా ఇవ్వడానికి కోరే స్థాయికి తగ్గట్టుగా ఉండాలి. చాలా కాలేజీల్లో ఇది నాలుగు పాయింట్ల స్కేలుపై 2.0. మిగిలిన రెండు కొలతలే విద్యార్థులను ఎక్కువగా తికమక పెడతాయి. మంచి సగటు ఉన్నవారు కూడా వాటి దగ్గర చిక్కుకుంటారు.

ముందు గరిష్ఠ కాలాన్ని అర్థం చేసుకుంటే వేగం దానంతట అదే తెలుస్తుంది. డిగ్రీకి ఎన్ని క్రెడిట్లు కావాలో కాలేజీ ప్రకటిస్తుంది. బ్యాచిలర్స్ డిగ్రీకి సాధారణంగా 120, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి 60. ఆ సంఖ్యకు 150 శాతం దాటకుండా చదువు పూర్తి కావాలి. అంటే బ్యాచిలర్స్ విద్యార్థి తన పేరు మీద తీసుకున్న క్రెడిట్లు మొత్తం 180కి, అసోసియేట్ విద్యార్థివి 90కి లోపలే పట్టా రావాలి. ఇక్కడ కాలాన్ని కొలిచేది సంవత్సరాలతో కాదు, తీసుకున్న క్రెడిట్లతో. ఎయిడ్ తీసుకోకుండా సొంత డబ్బుతో చదివిన సెమిస్టర్లు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. మాస్టర్స్, ఆపై కోర్సులకు గరిష్ఠ పరిమితిని కాలేజీయే నిర్ణయించుకుంటుంది.

ఇప్పుడు వేగం సంగతి. 180 క్రెడిట్లు తీసుకుని అందులో 120 పూర్తి చేయాలంటే, తీసుకున్న ప్రతి మూడింటిలో రెండు పూర్తి కావాలి. అందుకే చాలా కాలేజీలు డిగ్రీ విద్యార్థులకు 67 శాతం కనీస వేగంగా పెడతాయి. ఇప్పటిదాకా పూర్తయిన క్రెడిట్లను ఇప్పటిదాకా తీసుకున్న క్రెడిట్లతో భాగిస్తే వచ్చేదే వేగం. ఇది ఒక్క సెమిస్టరుకు సంబంధించినది కాదు, మొదటి రోజు నుంచి కూడుతూ వచ్చే లెక్క.

ఏ గ్రేడు ఎక్కడ పడుతుంది

వేగం పడిపోవడానికి ఫెయిలవడం ఒక్కటే కారణం కాదు. ‘ఎఫ్’ వచ్చిన కోర్సు తీసుకున్న క్రెడిట్లలో చేరుతుంది, పూర్తయినవాటిలో చేరదు. సెమిస్టర్ మధ్యలో విరమించుకున్న కోర్సుకు ‘డబ్ల్యూ’ పడుతుంది. అది మార్కుల సగటును తాకదు కాబట్టి దానివల్ల నష్టం లేదని విద్యార్థులు అనుకుంటారు. కానీ వేగం లెక్కలో ‘డబ్ల్యూ’కీ ‘ఎఫ్’కీ తేడా లేదు. సెమిస్టర్ మొదట్లో కోర్సులు మార్చుకోవడానికి ఇచ్చే కొద్ది రోజుల గడువులోపల వదిలేస్తే మాత్రం సాధారణంగా ఆ కోర్సు లెక్కకు రాదు. ఆ గడువు తేదీ తెలుసుకుని ఉండటం అందుకే అవసరం.

‘ఇన్‌కంప్లీట్’ గ్రేడు సాధారణంగా పని పూర్తయి అసలు గ్రేడు పడేదాకా తీసుకున్నదిగానే ఉంటుంది. తప్పిన కోర్సును మళ్లీ చదివితే రెండు సార్లూ తీసుకున్నట్టే, పూర్తయింది ఒక్కసారే. మూడు క్రెడిట్ల కోర్సు మొదటిసారి తప్పి రెండోసారి గట్టెక్కితే ఆరు తీసుకుని మూడు పూర్తి చేసినట్టవుతుంది. వేరే కాలేజీ నుంచి బదిలీ చేసుకున్న క్రెడిట్లలో కొత్త కాలేజీ అంగీకరించినవి రెండు వైపులా చేరతాయి. అవి వేగాన్ని పెంచుతాయి, అయితే 180 పరిమితిలో కొంత భాగాన్ని కూడా తీసేసుకుంటాయి.

ఒక విద్యార్థిని లెక్క

120 క్రెడిట్ల డిగ్రీలో చేరిన ఒక విద్యార్థినిని ఊహించుకోవచ్చు. మొదటి సెమిస్టరులో ఆమె ఒక్కొక్కటి మూడు క్రెడిట్ల చొప్పున ఐదు కోర్సులు తీసుకుంది. ఇంట్లో తల్లికి జబ్బు చేయడంతో రెండు కోర్సులను మధ్యలో విరమించుకుంది, ఒకటి తప్పింది, రెండు గట్టెక్కాయి. తీసుకున్నవి 15, పూర్తయినవి 6, వేగం 40 శాతం.

ఆమె కాలేజీ ప్రతి సెమిస్టర్ చివర చదువును పరిశీలించేది. అలాంటి కాలేజీ మొదటిసారి తడబడిన విద్యార్థిని వార్నింగ్‌లో పెట్టి, ఎలాంటి దరఖాస్తూ అడగకుండా మరో సెమిస్టరుకు ఎయిడ్ కొనసాగించవచ్చు. ఏడాదికి ఒకసారే పరిశీలించే కాలేజీల్లో ఈ వార్నింగ్ ఉండదు, ప్రమాణం తప్పితే ఎయిడ్ ఆగిపోతుంది. ఈమెకు వార్నింగ్ వచ్చింది. రెండో సెమిస్టరులో నాలుగు కోర్సులు తీసుకుని రెండు పూర్తి చేసింది. మొత్తం తీసుకున్నవి 27, పూర్తయినవి 12, వేగం 44.4 శాతం. దాంతో ఎయిడ్ ఆగింది.

ఇలాంటప్పుడు అప్పీలు చేసుకోవచ్చు. దగ్గరి బంధువు మరణం, విద్యార్థి గాయపడటం, అనారోగ్యం లేదా ఇతర ప్రత్యేక పరిస్థితులు అందుకు ఆధారాలు. అప్పీలులో రెండు ప్రశ్నలకు జవాబు ఉండాలి: చదువు ఎందుకు వెనకబడింది, తిరిగి దారిలో పడటానికి ఇప్పుడు ఏం మారింది. చాలామంది మొదటిదాన్ని పేజీల కొద్దీ రాసి, రెండోదాన్ని ఒక్క వాక్యంతో సరిపెడతారు. తల్లి చికిత్స ముగిసింది, ఆమె బాగోగులు ఇప్పుడు మరొకరు చూసుకుంటున్నారు, వారానికి పని గంటలు తగ్గించుకుంది అని ఈ విద్యార్థిని రాసి, ఆసుపత్రి కాగితాలను జతచేస్తే ఆ రెండో ప్రశ్నకు బలమైన జవాబు దొరికినట్టు.

అప్పీలును అంగీకరించాక కాలేజీ ఆమెను ప్రొబేషన్‌లో పెడుతుంది. ఒక్క సెమిస్టరులో ప్రమాణాన్ని అందుకోగలదా అన్నది ముందు చూస్తారు. ఆమె వేగం మూడింట రెండు వంతులకు చేరాలంటే ఒక్కటీ తప్పకుండా ఇంకా 18 క్రెడిట్లు పూర్తి చేయాలి, అప్పుడు 45లో 30 అవుతాయి. తడబడిన విద్యార్థికి ఒక్క సెమిస్టరులో 18 మోయలేని భారం. అలాంటివారికి కాలేజీ అకడమిక్ ప్లాన్ రాసి ఇస్తుంది. ప్రతి సెమిస్టరులో 12 క్రెడిట్లు తీసుకుని అన్నీ పూర్తి చేయాలి, ఏదీ విరమించుకోకూడదు అన్నది ఆ ప్లాన్ అనుకుందాం. మూడో సెమిస్టర్ ముగిశాక ఆమె లెక్క 39లో 24, అంటే 61.5 శాతం. ప్రమాణం ఇంకా అందలేదు, అయినా ప్లాన్ ప్రకారమే నడుస్తోంది కాబట్టి ఎయిడ్ ఆగదు. నాలుగో సెమిస్టర్ ముగిసేసరికి 51లో 36, అంటే 70.6 శాతం. ఇప్పుడు వేగం ప్రమాణాన్ని దాటింది. ఆమె ఇంకా పూర్తి చేయాల్సినవి 84, పరిమితిలో మిగిలినవి 129. గరిష్ఠ కాలం విషయంలో కూడా ఇబ్బంది లేదు.

అప్పీలు అంగీకరించకపోతే దారి మూసుకుపోదు. సొంత డబ్బుతో చదివి వేగాన్ని, సగటును ప్రమాణానికి తెచ్చుకుంటే ఎయిడ్‌కు మళ్లీ అర్హత వస్తుంది. ఒక సెమిస్టర్ ఇంట్లో కూర్చున్నంత మాత్రాన, లేదా ఫీజు సొంతంగా కట్టినంత మాత్రాన అర్హత రాదు. మారాల్సింది లెక్కలోని అంకెలే.

180కి ముందే ఆగిపోయే సందర్భం

గరిష్ఠ కాలం విషయంలో ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది. 180 క్రెడిట్లు నిండినప్పుడే ఎయిడ్ ఆగుతుందని అనుకుంటారు. నిజానికి 180లోపల పట్టా రావడం అసాధ్యమని లెక్క తేలిన క్షణంలోనే అర్హత పోతుంది.

మరో విద్యార్థి 130 క్రెడిట్లు తీసుకుని 110 పూర్తి చేశాడు. వేగం 84 శాతం దాటింది, సగటు కూడా బాగుంది. ఆ దశలో అతను మేజర్ మార్చుకున్నాడు. పాత క్రెడిట్లలో 60 మాత్రమే కొత్త డిగ్రీకి పనికొచ్చాయి. ఇంకా 60 కావాలి. 130కి 60 కలిపితే 190. అన్ని కోర్సులూ ఒక్కసారికే గట్టెక్కినా 180 దాటక తప్పదు. కాబట్టి 130 దగ్గరే అతని ఎయిడ్ ఆగుతుంది. మేజర్ మార్చుకున్నవారికి కొత్త డిగ్రీకి పనికొచ్చే క్రెడిట్లనే లెక్కించే వెసులుబాటు కొన్ని కాలేజీల విధానాల్లో ఉంటుంది. లేని చోట అప్పీలే మార్గం. మేజర్ మార్చే కాగితం మీద సంతకం పెట్టకముందే ‘నా క్రెడిట్లలో కొత్త డిగ్రీకి ఎన్ని చెల్లుతాయి’ అని అకడమిక్ అడ్వైజర్‌నూ, ‘అప్పుడు గరిష్ఠ కాలంలో నాకు ఎన్ని మిగులుతాయి’ అని ఎయిడ్ ఆఫీసునూ అడిగితే ఈ చిక్కు ముందుగానే కనిపిస్తుంది.

ఈ 150 శాతం పరిమితిని పెల్ గ్రాంటు జీవితకాల పరిమితితో కలపకూడదు. పెల్ గ్రాంటు మొత్తం మీద పన్నెండు పూర్తికాలపు సెమిస్టర్లకు సమానంగా మాత్రమే వస్తుంది. అది వేరే లెక్క. ఎస్‌ఏపీ ప్రమాణాలన్నీ అందుకుంటున్న విద్యార్థికి కూడా ఆ పన్నెండు సెమిస్టర్లు అయిపోతే పెల్ ఆగుతుంది, రుణాల అర్హత మాత్రం వాటి సొంత పరిమితుల మేరకు కొనసాగవచ్చు.

తన స్థితి తెలుసుకోవడానికి విద్యార్థి ఉత్తరం కోసం ఎదురుచూడనక్కర్లేదు. కాలేజీ ట్రాన్‌స్క్రిప్టులో తీసుకున్న క్రెడిట్లు, సంపాదించిన క్రెడిట్లు సాధారణంగా పక్కపక్కనే ఉంటాయి. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే వేగం తెలుస్తుంది. డిగ్రీకి ఇంకా కావాల్సిన క్రెడిట్లను తీసుకున్నవాటికి కలిపి, 180కి లోపల ఉందో లేదో చూస్తే గరిష్ఠ కాలం తెలుస్తుంది. ఒక కోర్సు విరమించుకోవాలని అనిపించినప్పుడు, ఆ కోర్సు పూర్తవదన్న లెక్కతో ఈ రెండింటినీ మళ్లీ వేసుకుంటే ఆ నిర్ణయం ఎయిడ్‌ను ఎంత తాకుతుందో ముందే తేలుతుంది.