గంటకు వెయ్యి... చేతికి నాలుగొందలు!

విజయవాడలో ఇంట్లో కూర్చుని విదేశీ క్లయింట్లకు లోగోలు, బ్రోషర్లు చేసిపెట్టే ఒక డిజైనర్‌ను ఊహించుకుందాం. గంటకు వెయ్యి రూపాయల లెక్కన ధర కడతాడు. నెలలో 80 గంటల పనికి 80,000 బిల్లు అయింది. ‘నా రేటు వెయ్యి’ అని అతని ధీమా. నిజానికది వాపే తప్ప బలుపు కాదు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. అతను పనులు పట్టుకునేది ఫైవర్‌లో. అక్కడ ఫ్రీలాన్సర్ ఆదాయంలో వందకు 20 రూపాయలు కమీషన్‌గా పోతాయి. అంటే 16,000 పోయి 64,000 మిగిలింది. డాలర్లు రూపాయలుగా మారి బ్యాంకులో పడేసరికి మరో రెండు శాతం, అంటే 1,280 తరిగిందనుకుందాం. సాఫ్ట్‌వేర్ చందా, ఇంటర్నెట్, కరెంటు కలిపి 4,720. చివరికి చేతిలో ఉన్నది 58,000. పన్ను ఇంకా కట్టనే లేదు.

ఇక గంటల సంగతి. కొత్త పనుల కోసం ప్రతిపాదనలు రాయడానికి, క్లయింట్లతో మాట్లాడడానికి 35 గంటలు పట్టింది. ‘ఈ రంగు కాస్త మార్చండి’ అంటూ వచ్చిన ఉచిత సవరణలకు 20, ఫైళ్లు సర్దడానికి, లెక్కలు రాయడానికి 10. బిల్లు వేసిన 80తో కలిపితే మొత్తం 145 గంటలు. 58,000ను 145తో భాగిస్తే వచ్చేది 400. అదీ అతని అసలు రేటు.

కోపం ముందుగా కమీషన్ మీదికే పోతుంది. అది సగానికి తగ్గి పది శాతమే అయిందనుకుందాం. అప్పుడు గంటకు సుమారు 454 వస్తుంది. కమీషన్ జోలికి పోకుండా, డబ్బు రాని గంటల్లో 20 తగ్గించి చూస్తే? ‘రెండు సవరణలే ఉచితం’ అని ముందే చెప్పి, ప్రతిపాదనకు ఒక నమూనా తయారుగా పెట్టుకుంటే అది సాధ్యమే. అప్పుడు 58,000ను భాగించేది 125 గంటలే కాబట్టి గంటకు 464 అవుతుంది. కమీషన్ అతని చేతుల్లో లేదు, ఆ 20 గంటలు ఉన్నాయి.

ఈ లెక్క జ్ఞాపకం మీద వేస్తే తప్పుతుంది. రాత్రి భోజనాల వేళ ఫోన్‌లో ఇచ్చిన పది నిమిషాల జవాబు ఎవరికీ గుర్తుండదు. అందుకే పని జరిగిన రోజే క్లయింటు పేరు, పని రకం, నిమిషాలు పుస్తకంలో రాయాలి. ఒక్క నెలతో తేల్చకూడదు కూడా. ఈ నెల రాసిన ప్రతిపాదనకు డబ్బు వచ్చే నెల రావచ్చు. కాబట్టి మూడు నెలల మొత్తం చూడాలి. డబ్బు ఎగ్గొట్టిన క్లయింటు గంటలను కొట్టేయకుండా లెక్కలోనే ఉంచాలి.

అదే పుస్తకంలో క్లయింటు వారీగా భాగించి చూడండి. ఎక్కువ ధర ఇచ్చేవారే అట్టడుగున తేలితే, ఈసారి ధర చెప్పేముందు వారి సవరణల గంటలనూ కలిపి చెప్పండి.