ప్లేటు కొయ్యబోయే ముందు గీతలు లెక్కపెట్టండి

200 మి.మీ. పొడవు, 100 మి.మీ. వెడల్పు ఉన్న బేస్‌ప్లేటు, దానికి 14 మి.మీ. రంధ్రాలు నాలుగు. 6 మి.మీ. ఎమ్మెస్ షీటులోంచి ప్లాస్మాతో కొయ్యాలి. పార్టీ పంపిన డీఎక్స్‌ఎఫ్ ఫైలును ఆటోక్యాడ్‌లో తెరిస్తే బొమ్మ చూడ్డానికి బాగానే ఉంది. మొత్తం సెలెక్ట్ చేస్తే మాత్రం 13 ఆబ్జెక్టులని చూపిస్తోంది. ఉండాల్సినవి నాలుగు లైన్లు, నాలుగు సర్కిళ్లు, వెరసి 8. మిగతా అయిదూ గీత మీద గీతగా దాక్కున్నవే.

వదిలేస్తే యంత్రం ఒకే రంధ్రాన్ని రెండుసార్లు కోస్తుంది. మొదటిసారికే మధ్యలోని బిళ్ల ఊడి కింద పడిపోతుంది. రెండోసారి టార్చి షీటు కోసం వెతుక్కుంటూ ఖాళీలోకి దిగుతుంది. ఆర్క్ పట్టుకోవడానికి అక్కడ లోహం ఉండదు. యంత్రం ఎర్రర్ చూపి ఆగిపోతుంది, నాజిల్ అరుగుదల మన ఖాతాలో పడుతుంది. లేజర్‌తో చెక్కో అక్రిలిక్కో కోస్తే రెండోసారి తగిలిన వేడికి అంచు కమిలిపోతుంది.

అందుకే ముందు ఫైలును ఇంకో పేరుతో సేవ్ చేసి, OVERKILL కమాండ్ ఇవ్వాలి. ఈ ఫైలులో అలా ఇస్తే ఒక్క గీతే పోయి 12 మిగిలాయి. నాలుగు దొంగ సర్కిళ్లు వేరే లేయర్‌లో ఉండటమే కారణం. లేయర్ వేరైతే ఆ కమాండ్ వాటిని నకళ్లుగా లెక్కించదు. దాని పెట్టెలో లేయర్, కలర్ పట్టించుకోవద్దని టిక్ పెట్టి మళ్లీ నడిపితే లెక్క 8కి వచ్చింది.

ఇక రెండో జబ్బు. అంచు మీద క్లిక్ చేస్తే చుట్టూ వెలగాలి, ఇక్కడ ఒక్క వైపే వెలుగుతోంది. జూమ్ చేసి చూస్తే ఒక మూలలో 0.03 మి.మీ. సందు. కంటికి ఆనని ఆ సందు వల్ల కోత సాఫ్ట్‌వేరుకు ఏది లోపలో ఏది బయటో తెలియదు. ప్లాస్మా కోత సుమారు 1.6 మి.మీ. మందం మేర లోహాన్ని తినేస్తుంది. అంచు మూసి ఉంటే అందులో సగం మేర టార్చిని గీతకు బయటగా నడుపుతారు. తెరిచి ఉంటే చాలా సాఫ్ట్‌వేర్లు గీత మీదే నడుపుతాయి, 200 ఉండాల్సిన ప్లేటు 198.4కి తగ్గిపోతుంది.

PEDIT కమాండ్‌లో M నొక్కి, నాలుగు లైన్లనూ ఎంచుకుని, పాలీలైన్‌గా మార్చాలా అన్నప్పుడు Y, తర్వాత J, ఫజ్ దూరం 0.05 ఇస్తే అంచు ఒకే పాలీలైన్ అవుతుంది. ప్రాపర్టీస్‌లో Closed ఎదురుగా Yes అని ఉందో లేదో చూసుకోండి. డూప్లికేట్లు తీశాకే ఈ పని చెయ్యాలి. ముందే చేస్తే ఒకే మూల దగ్గర రెండు గీతల కొసలు కలిసి, జోడింపు దారి తప్పుతుంది.

సందు 2 మి.మీ. ఉంటే ఫజ్ పెంచి అతికించకండి, మూల వంకరపోతుంది. అక్కడ ఏదో గీత తప్పిపోయిందన్నమాట. పార్టీకి ఫోన్ చేసి కొలత అడగండి.