పాతికేళ్ల ఆపరేటర్ గురించి షాప్‌లో చదివే నాలుగు మాటలు

పాతికేళ్ల సర్వీసు పూర్తిచేసిన ఆపరేటర్ గురించి నాలుగు మాటలు రాసి చదవమంటే, చాలామంది కలం ముందు ‘అంకితభావం’, ‘క్రమశిక్షణ’ అన్న మాటల దగ్గరికే వెళ్తుంది. పేరు మారిస్తే ఆ కాగితం ఆఫీసు గుమాస్తాకూ సరిపోతుంది. కానీ షాప్‌లో నిలబడి వినేది పక్క మెషిన్ల వాళ్లు. ఆయన చేతిపని ఎలాంటిదో వాళ్లకు బాగా తెలుసు. ఆ పని ఊసే లేని పొగడ్త వాళ్ల చెవికెక్కదు.

హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక చిన్న యూనిట్ అనుకుందాం. 2000లో మామూలు లేత్ మీద చేరి, ఇప్పుడు సీఎన్‌సీ నడుపుతున్న టర్నర్ గురించి రాయాలి. ఆయన్నే అడిగితే ‘నాదేముంది సార్, అందరూ చేసేదే’ అంటారు. అందుకే ఇన్‌స్పెక్షన్‌లో కూర్చునే మనిషినీ, ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లనూ అడగాలి. ‘ఆయన మంచివాడా’ అని కాదు, ‘ఆయన షిఫ్టులో ఏం తేడా కనిపిస్తుంది’ అని. ‘జాబ్ వేడిగా ఉంటే కొలవనివ్వడు’ అని ఒక కుర్రాడు చెప్పాడనుకోండి, రాయాల్సింది దొరికినట్టే.

అది చాదస్తం కాదు. 50 మిల్లీమీటర్ల షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోట డ్రాయింగ్ అడిగే కొలత 50.002 నుంచి 50.018 లోపు. అంటే మొత్తం వెసులుబాటు 16 మైక్రాన్లే, తలవెంట్రుక మందంలో నాలుగోవంతో అంతకన్నా తక్కువో. కోత పూర్తయిన జాబ్ గది కన్నా 20 డిగ్రీలు వేడిగా ఉంటే, ఆ వ్యాసం సుమారు 11 మైక్రాన్లు ఉబ్బి ఉంటుంది. వేడిమీద మైక్రోమీటర్ 50.010 చూపిస్తే ఆపరేటర్ ‘ఓకే’ అనుకుంటాడు. చల్లారాక అదే జాబ్ 49.999 దగ్గరికి దిగుతుంది. బేరింగ్ పట్టు తగ్గుతుంది. ఎక్కువైన లోహాన్ని ఇంకో కోతతో తీయొచ్చు, తగ్గిందాన్ని మళ్లీ అతికించలేం. తయారీ అంతా చల్లగా కొలిచే ఆ ఓపిక మీద నిలబడి ఉంటుంది. రిజెక్ట్ కాకుండా పోయిన ముక్కలు ఏ రిజిస్టర్‌లోనూ నమోదు కావు. అందుకే ఆ సంగతి నోటితో చెప్పాలని నాకనిపిస్తుంది.

ఇక రాత. చదివేది బహుశా ఆయన దగ్గర నేర్చుకున్నవాడే కాబట్టి ‘అన్నా’ అనే పిలుపే సహజం. పుస్తక భాష పక్కనపెట్టి, మాట్లాడినట్టే రాయాలి. ఇలా:

‘అన్నా, నువ్వు వచ్చినప్పుడు ఈ షాప్‌లో సీఎన్‌సీ లేదు. హ్యాండిల్ తిప్పి కోత పెట్టిన చేతులే ఇప్పుడు ఆఫ్‌సెట్ సరిచేస్తున్నాయి. నేను చేరిన కొత్తలో షాఫ్ట్ తీసి తీయగానే మైక్రోమీటర్ పెట్టాను. కొలత సరిగ్గా ఉందని సంబరపడ్డాను. నువ్వు ఏమీ అనలేదు. ఆ జాబ్ పక్కన పెట్టించి, టీ తాగి వచ్చాక మళ్లీ కొలవమన్నావు. కొలత కిందికి జారింది. ఆ రోజు నుంచి నేను వేడి జాబ్ కొలవలేదు. నా తర్వాత వచ్చినవాళ్లనూ కొలవనివ్వడం లేదు. ఈ షాప్ నుంచి వెళ్లిన షాఫ్టుల్లో నీ ఓపిక ఉంది. ఇంకా చాలామందికి నేర్పాలి, రేపు పొద్దున షిఫ్టులో కలుద్దాం.’

నింపాదిగా చదివినా ఇది నిమిషంలో అయిపోతుంది. కంప్రెసర్ హోరులో, షిఫ్టు మారే వేళ జనం నిలబడి వినగలిగేది అంతే. చదివేముందు పక్కనున్న మెషిన్లు ఆపించడం మేలు. చివరి వాక్యం కావాలనే పెట్టింది: పాతికేళ్లంటే రిటైర్మెంట్ కాదు, వీడ్కోలు ధోరణిలో రాస్తే ఆయనకు ఇబ్బందిగా ఉంటుంది.

కొన్ని పొగడ్తలు మాత్రం పనికిరావు. ‘జ్వరంతోనూ డ్యూటీకి వచ్చారు’, ‘డబుల్ షిఫ్టులు చేశారు’ అంటే వింటున్న కుర్రాళ్లకు సెలవు అడగడమే తప్పన్నట్టు వినిపిస్తుంది. ‘మెషిన్ ఆపకుండానే చేత్తో చిప్స్ లాగేసేవారు’ అని ధైర్యంగా చెప్పుకునే పాత కథ ఎవరైనా తెస్తే అస్సలు రాయకూడదు. లేత్ మీద తిరిగే చిప్ తీగలా చుట్టుకుని చేతినే లోపలికి లాగేస్తుంది. ఆయన తప్పు చేసిన సంగతి సరదాకైనా ఎత్తాలంటే ముందు ఆయన్నే అడగాలి.

రాసిన కాగితాన్ని ముందురోజే కుర్రాడికిచ్చి ఒకసారి పైకి చదివించాలి. నాలుక తడబడిన వాక్యాన్ని విరిచేయాలి. చేరిన తేదీ, మొదట నడిపిన మెషిన్ పేరు పర్సనల్ ఫైలులో చూసి సరిచూసుకోవాలి. పక్కన నిలబడినవాళ్లలో ఆయనతోపాటే చేరినవాళ్లుంటారు, తేదీ తప్పితే మొదట గుర్తుపట్టేది వాళ్లే. తర్వాత మైకు ఆయన చేతికివ్వాలా వద్దా అన్నది ఆయన్నే అడిగి నిర్ణయించాలి. మాట్లాడనంటే బలవంతం చేయొద్దు. మిఠాయి పంచి పనిలోకి వెళ్లడమే.